ఫైనాన్షియల్ ప్లానర్ కోర్సు, సీఎఫ్‌పీ, సెబీ రిజిస్ట్రేషన్: మీ పనికి ఏది కావాలి?

సెక్యూరిటీల మార్కెట్‌ను నియంత్రించే సెబీ దగ్గర నమోదైన పెట్టుబడి సలహాదారు ఎవరైనా తన ప్రకటనల్లో ఒక హెచ్చరిక వేయాలి. దాని సారం ఇది: సెబీ ఇచ్చిన రిజిస్ట్రేషన్ గానీ, పర్యవేక్షణ సంస్థలో నమోదు గానీ, సెబీ నెలకొల్పిన శిక్షణ సంస్థ ఎన్‌ఐఎస్‌ఎం ఇచ్చిన సర్టిఫికెట్ గానీ సలహాదారు పనితీరుకూ, మీ రాబడికీ హామీ కావు. చాలామంది దీన్ని చదవకుండానే దాటేస్తారు. ఈ రంగంలోకి రావాలనుకునేవారు మాత్రం ఒక్క నిమిషం ఆగి చదవాలి. అందులో మూడు విషయాలు విడివిడిగా ఉన్నాయి. పరీక్ష పాసైనట్టు చెప్పే సర్టిఫికెట్ ఒకటి. పర్యవేక్షించే సంస్థలో పేరు నమోదు కావడం రెండోది. సలహా ఇచ్చి డబ్బు తీసుకోవడానికి నియంత్రణ సంస్థ ఇచ్చే అనుమతి మూడోది. మొదటిది చేతికి రాగానే మూడోది కూడా వచ్చేసిందని అనుకోవడమే ఈ రంగంలో ఎక్కువమందికి జరిగే పొరపాటు. కోర్సులు అమ్మే ప్రకటనలు కూడా ఈ తేడాను స్పష్టంగా చెప్పవు.

కాబట్టి ఏ కోర్సు మంచిదన్న ప్రశ్న తర్వాతది. మీకు డబ్బు ఎవరిస్తారు, దేనికిస్తారు అన్నది ముందు తేల్చుకోవాలి. దానికి జవాబు దొరికితే ఎంపిక దాదాపు పూర్తయినట్టే.

అనుమతి అవసరమయ్యే గీత ఎక్కడుంది

సెబీ చట్టం 1992లోని సెక్షన్ 12 ప్రకారం సెబీ ఇచ్చిన రిజిస్ట్రేషన్ లేకుండా ఎవరూ పెట్టుబడి సలహాదారుగా పనిచేయకూడదు. ఆ పని ఏమిటో, దాని షరతులేమిటో 2013లో వచ్చిన పెట్టుబడి సలహాదారుల నిబంధనలు చెబుతాయి. వాటిలో మూడు మాటలు కీలకం. ప్రతిఫలం తీసుకుని, వృత్తిగా, క్లయింటు మేలు కోసం సెక్యూరిటీలు కొనమనో అమ్మమనో ఉంచుకోమనో సలహా ఇస్తే అది పెట్టుబడి సలహా. నోటితో చెప్పినా, రాసిచ్చినా, వాట్సాప్‌లో పంపినా ఒకటే. నిబంధనలు ఫైనాన్షియల్ ప్లానింగ్‌ను కూడా పేరుపెట్టి ఇందులోకే చేర్చాయి. క్లయింటు ప్రస్తుత ఆర్థిక స్థితిని విశ్లేషించి, లక్ష్యాలు గుర్తించి, వాటిని చేరుకునే వ్యూహాలు సూచించడమే ఫైనాన్షియల్ ప్లానింగ్ అని నిర్వచించాయి. ‘నేను షేర్లు చెప్పను, ప్లాన్ మాత్రమే వేస్తాను’ అన్న వాదన ఇక్కడే బలహీనపడుతుంది. పైగా ఏ ప్లానైనా చివరికి నెలకు ఇంత మొత్తం ఈ తరహా ఫండ్లలో పెట్టండి అన్న చోటికే చేరుతుంది.

గీతకు ఇవతల ఉన్నవీ ఉన్నాయి. పత్రికలోనో టీవీలోనో అందరికీ అందుబాటులో ఉండేలా చెప్పే సాధారణ మాట ఒక వ్యక్తికి ఇచ్చే సలహా కాదు. చార్టర్డ్ అకౌంటెంటు తన వృత్తి సేవలో భాగంగా చెప్పేదానికి మినహాయింపు ఉంది. బీమా ఏజెంటు బీమా పథకాల గురించి మాత్రమే చెబితే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నియమాల కిందికి వస్తారు. మ్యూచువల్ ఫండ్ సంస్థల సంఘం యాంఫీలో నమోదైన డిస్ట్రిబ్యూటరు తాను అమ్మే ఫండ్ల గురించి చెప్పే మాట ఆ అమ్మకానికి అనుబంధం కాబట్టి దానికీ మినహాయింపే. అయితే ఈ మినహాయింపులన్నీ ప్రధానమైన పనిని ఆనుకుని ఉండేవి. అసలు పనిని పక్కనపెట్టి సలహాకే విడిగా బిల్లు వేయడం మొదలుపెడితే మినహాయింపు నిలబడదు.

నాలుగు సందర్భాలు పక్కపక్కన పెట్టి చూస్తే గీత ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఒక హాలులో రెండు వందల మందికి అత్యవసర నిధి అంటే ఏమిటో, ఇండెక్స్ ఫండ్ ఎలా పనిచేస్తుందో టికెట్ పెట్టి చెబితే అది బోధన. ఆ తర్వాత వారిలో ఒకరి స్టేట్‌మెంట్లు చూసి ‘ఈ రెండు ఫండ్లు తీసేసి ఆ డబ్బు ఇందులోకి మార్చండి’ అని చెప్పి అయిదు వేలు తీసుకుంటే అది సలహా. రసీదు మీద శిక్షణ ఫీజు అని రాసుకున్నా పని స్వభావం మారదు. డిస్ట్రిబ్యూటరు తన క్లయింటుకు ఫండ్ సూచించి ఫండ్ సంస్థ నుంచి కమీషన్ పొందితే అది పంపిణీ. అదే డిస్ట్రిబ్యూటరు అదే క్లయింటు దగ్గర ప్లాన్ ఫీజు కూడా తీసుకుంటే గీత దాటినట్టే.

మీ ముందున్న దారులు

విశ్వవిద్యాలయాలు, ప్రైవేటు సంస్థలు ఇచ్చే కోర్సు సర్టిఫికెట్లు మొదటి రకం. ఆరు వారాలవీ ఉన్నాయి, ఏడాదివీ ఉన్నాయి. వీటిలో మంచివి లేకపోలేదు. కానీ ఆ కాగితం చెప్పేది ఒక్కటే: ఈ పాఠ్యాంశాలు ఈయన చదివారు. పేరులో సర్టిఫైడ్, చార్టర్డ్, వెల్త్ వంటి మాటలు ఉన్నాయని దానికి చట్టంలో ఏ బలమూ రాదు. సొంత డబ్బు చక్కబెట్టుకోవడానికో, ఇప్పటికే ఉన్న ఉద్యోగంలో ఎదగడానికో అయితే ఇది చాలు.

సీఎఫ్‌పీ, అంటే సర్టిఫైడ్ ఫైనాన్షియల్ ప్లానర్, వేరే స్థాయి. దీన్ని అమెరికా బయట నడిపేది ఎఫ్‌పీఎస్‌బీ అనే అంతర్జాతీయ సంస్థ. మన దేశంలో పెట్టుబడి ప్లానింగ్, రిటైర్‌మెంట్ మరియు పన్ను ప్లానింగ్, రిస్క్ మరియు వారసత్వ ప్లానింగ్ అన్న మూడు స్పెషలిస్ట్ దశలు దాటి చివర్లో సమగ్ర ప్లానింగ్ పరీక్ష రాయాలి. చార్టర్డ్ అకౌంటెన్సీ వంటి అర్హతలున్నవారికి ఫాస్ట్‌ట్రాక్ దారి ఉంది. వారు నేరుగా చివరి పరీక్షకు వెళ్లొచ్చు. పరీక్షతో పాటు పని అనుభవం, నైతిక నియమావళికి అంగీకారం ఉంటేనే ఆ మూడక్షరాలు పేరు పక్కన పెట్టుకునే హక్కు వస్తుంది. అది నిలవాలంటే ఎప్పటికప్పుడు రెన్యువల్ చేసుకోవాలి. ఒక కుటుంబం జమాఖర్చు, అప్పులు, బీమా, పన్ను, వీలునామా అన్నీ కలిపి చూడగల నేర్పు కావాలంటే ఇంతకన్నా గట్టి చదువు మనకు తేలిగ్గా దొరకదని మా అభిప్రాయం. అయినా ఇది వృత్తి గుర్తింపే, లైసెన్సు కాదు. సెబీ రిజిస్ట్రేషన్‌కు కావాల్సిన ఎన్‌ఐఎస్‌ఎం పరీక్షలను సీఎఫ్‌పీ ఉన్నవారు కూడా రాయాల్సిందే.

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న పట్టింపు కాదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు సీఎఫ్‌పీ ఉన్నవారికి సిరీస్ 65 అనే లైసెన్సు పరీక్షను మినహాయిస్తాయి. అక్కడ కూడా పోయేది పరీక్షే. డబ్బు తీసుకుని సలహా ఇచ్చేవారు సలహాదారుగా నమోదు కావాలన్న నియమం అలాగే ఉంటుంది.

మూడో దారి మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటరుగా యాంఫీ ఇచ్చే ఏఆర్‌ఎన్ అనే నమోదు నంబరు తీసుకోవడం. ఎన్‌ఐఎస్‌ఎం సిరీస్ 5ఏ పరీక్షలో వంద మార్కులకు యాభై తెచ్చుకుంటే చాలు, నెగెటివ్ మార్కులు లేవు. అందుకే ఎక్కువమంది ఇక్కడ మొదలుపెడతారు. ఇది కూడా నియంత్రణ కిందికి వచ్చే గుర్తింపే. కానీ అది అనుమతించేది అమ్మకాన్ని. మీ ఆదాయం ఫండ్ సంస్థల నుంచి రెగ్యులర్ ప్లాన్ల మీద కమీషన్‌గా వస్తుంది, క్లయింటు మీకు విడిగా ఏమీ ఇవ్వరు. 2020లో వచ్చిన సవరణ తర్వాత, సెబీ దగ్గర సలహాదారుగా నమోదు కాని డిస్ట్రిబ్యూటరు ఇండిపెండెంట్ ఫైనాన్షియల్ అడ్వైజర్, ఐఎఫ్‌ఏ, వెల్త్ అడ్వైజర్ లాంటి పేర్లు వాడుకోకూడదు. విజిటింగ్ కార్డు అచ్చు వేయించే ముందే ఇది గుర్తుంచుకోవాలి. కోర్సు సర్టిఫికెట్ మీద ఉన్న బిరుదును ఏఆర్‌ఎన్ నంబరు పక్కన అచ్చువేయించుకుని ఇబ్బందిలో పడే అవకాశం చాలా ఉంది.

నాలుగోది సెబీ రిజిస్ట్రేషన్. ఇక్కడ మీ ఆదాయం క్లయింటు ఇచ్చే ఫీజు మాత్రమే. మీరు చెప్పే ఫండ్ నుంచి మీకు రూపాయి రాకూడదు. వ్యక్తిగత హోదాలో నమోదైన సలహాదారు పంపిణీ పని అసలు చేయకూడదు. మీరు సలహా ఇచ్చే క్లయింటుకు మీ భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు కూడా ఫండ్లు అమ్మకూడదు. సర్టిఫికెట్‌కూ అనుమతికీ అసలు తేడా ఇక్కడే బయటపడుతుంది. సర్టిఫికెట్ మీకు ఏం తెలుసో చెబుతుంది. రిజిస్ట్రేషన్ మీ మీద బాధ్యతలు మోపుతుంది. క్లయింటు రిస్క్ తట్టుకునే శక్తిని కాగితం మీద లెక్కగట్టాలి. ఇచ్చిన సలహా ఆయనకు ఎందుకు సరిపోతుందో కారణం రాసి ఉంచాలి. ఫీజు తీసుకునే ముందే ఒప్పందం మీద సంతకాలు కావాలి. రికార్డులు అయిదేళ్లు దాచాలి. ఆర్థిక సంవత్సరం ముగిసిన ఆరు నెలల్లోపు ఏటా కంప్లయన్స్ ఆడిట్ చేయించుకోవాలి. క్లయింటుకు నష్టం జరిగిందనిపిస్తే సెబీ ఫిర్యాదుల వేదిక స్కోర్స్‌లో ఫిర్యాదు చేయవచ్చు. కోర్సు నడిపిన సంస్థకు ఫిర్యాదు చేస్తే అది మహా అయితే తన బిరుదును వెనక్కి తీసుకోగలదు. క్లయింటు డబ్బు వెనక్కి ఇమ్మని ఆదేశించే అధికారం దానికి ఉండదు.

అయిదో దారి గురించి తక్కువ మంది ఆలోచిస్తారు. ఇప్పటికే నమోదైన సలహా సంస్థలో ఉద్యోగం చేయడం. క్లయింటుతో నేరుగా మాట్లాడి సలహా ఇచ్చే పదవికి డిగ్రీ, ఎన్‌ఐఎస్‌ఎం సలహాదారు పరీక్షలు కావాలి. కానీ డిపాజిట్, ఆడిట్, ఒప్పందాల భారం సంస్థది. సీఎఫ్‌పీకి కావాల్సిన అనుభవం కూడా ఇక్కడే సమకూరుతుంది. సొంత క్లయింట్లు ఇంకా లేనివారికి మేము ముందుగా చెప్పే దారి ఇదే.

రిజిస్ట్రేషన్‌కు ఏం కావాలి, ఎక్కడ ఆగిపోతుంది

2024 డిసెంబరులో వచ్చిన సవరణ ఈ దారిని బాగా సులువు చేసింది. అంతకు ముందు పోస్ట్‌గ్రాడ్యుయేషన్, అనుభవం, నికర విలువ చూపించాల్సి వచ్చేది. ఇప్పుడు డిగ్రీ చాలు, అనుభవం షరతు తీసేశారు, నికర విలువ స్థానంలో డిపాజిట్ వచ్చింది. నూట యాభై మంది క్లయింట్ల వరకు ₹1 లక్ష, 151 నుంచి 300 వరకు ₹2 లక్షలు, ఆపై వెయ్యి వరకు ₹5 లక్షలు, అంతకు మించితే ₹10 లక్షలు. ఈ డబ్బు ఖర్చయిపోదు. పర్యవేక్షణ సంస్థకు తాకట్టు హక్కు ఉండేలా లియన్ వేసిన డిపాజిట్‌గా ఉంటుంది. పాత వెబ్ పేజీల్లో ఇంకా నికర విలువ లెక్కలే కనిపిస్తుంటాయి, వాటిని చూసి వెనక్కి తగ్గనక్కర్లేదు. డిగ్రీ ఏ సబ్జెక్టులో ఉండాలన్న నియమం మాత్రం సవరణల్లో మారుతూ వచ్చింది. దరఖాస్తు పెట్టే రోజున అమలులో ఉన్న నిబంధనను సెబీ వెబ్‌సైటులో చదివాకే ముందుకు వెళ్లాలి.

పరీక్షలు రెండు: ఎన్‌ఐఎస్‌ఎం సిరీస్ 10ఏ, 10బీ. ఒక్కొక్కటి 150 మార్కులకు, మూడు గంటలు. అరవై శాతం, అంటే 90 మార్కులు రావాలి. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో నాలుగో వంతు కోత పడుతుంది. విడి ప్రశ్నలతో పాటు ఒక కుటుంబం వివరాలిచ్చి వాటి మీద వరుసగా ప్రశ్నలడిగే భాగం కూడా ఉంటుంది. చాలామందికి సమయం చాలక ఇబ్బంది అయ్యేది అక్కడే. క్యాలిక్యులేటరుతో భవిష్యత్ విలువ, వాయిదా మొత్తం, రాబడి రేటు త్వరగా తీయడం చేతికి అలవాటు కావాలి. సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. నమోదయ్యాక ఆ గడువు తీరే లోపు సిరీస్ 10సీ రాయాలి. గడువు దాటాక గుర్తొస్తే అప్పుడు మీరు అర్హత లేకుండా సలహా ఇస్తున్నట్టే లెక్క. అందుకే రెండు పరీక్షలూ దగ్గర దగ్గరి తేదీల్లో రాసి, దరఖాస్తు వెంటనే పెట్టడం మంచిది. ముందు 10ఏ రాసేసి ఏడాదిన్నర తర్వాత 10బీ రాస్తే మొదటిదాని గడువు సగం వృథా అవుతుంది.

ఆ తర్వాత పర్యవేక్షణ సంస్థ. 2024 జూలై 25 నుంచి ఈ బాధ్యత బీఎస్‌ఈది. అక్కడ ఎన్‌లిస్ట్‌మెంట్, సెబీ దగ్గర రిజిస్ట్రేషన్ రెండూ కావాలి. దరఖాస్తులో ఆగిపోయేవి సాధారణంగా పెద్ద విషయాలు కావు. ఆధార్‌లో ఒకలా, డిగ్రీ పట్టాలో ఒకలా పేరు ఉండటం ఒకటి. కంపెనీగా దరఖాస్తు చేస్తే దాని ఉద్దేశాల పత్రంలో పెట్టుబడి సలహా అన్న పని లేకపోవడం ఇంకొకటి. వీటికన్నా పెద్ద సమస్య, దరఖాస్తుదారు వెబ్‌సైటు అప్పటికే డబ్బు తీసుకుని ప్లాన్లు ఇస్తున్నట్టు ప్రకటించుకోవడం. దరఖాస్తు పెట్టినంత మాత్రాన అనుమతి రాదు. INA అక్షరాలతో మొదలయ్యే సెబీ రిజిస్ట్రేషన్ నంబరు చేతికి వచ్చేవరకు ఫీజు తీసుకోకూడదు. అడ్వాన్సుగా కూడా తీసుకోకూడదు.

నమోదు లేకుండా సలహా ఇచ్చినవారి మీద సెబీ ఆదేశాలు సాధారణంగా ఒకే దారిలో సాగుతాయి. వసూలు చేసిన ఫీజు మొత్తం తిరిగి ఇమ్మంటుంది, మార్కెట్లోకి రాకుండా కొంతకాలం నిషేధిస్తుంది, జరిమానా వేస్తుంది. చట్టంలోని సెక్షన్ 24 కింద పదేళ్ల వరకు జైలు, ₹25 కోట్ల వరకు జరిమానా విధించే అవకాశం కూడా ఉంది. కోర్సు సర్టిఫికెట్ చూపించడం అక్కడ జవాబు కాదు, ఎందుకంటే అక్కడ అడిగే ప్రశ్న మీ తెలివి గురించి కాదు.

ఒక లెక్క చూద్దాం

ఒక డిస్ట్రిబ్యూటరు అనుకోండి. అరవై కుటుంబాలు, అందరివీ కలిపి రెగ్యులర్ ప్లాన్లలో ₹6 కోట్లు. పెట్టుబడి ఉన్నంతకాలం వచ్చే ట్రెయిల్ కమీషన్ సగటున ఏడాదికి 0.75 శాతం అనుకుంటే ఆదాయం ₹4.5 లక్షలు. ఆయన సీఎఫ్‌పీ పూర్తి చేశారు. ఇకపై కుటుంబానికి ₹15,000 ఫీజుతో పూర్తి ప్లాన్ ఇవ్వాలని ఉంది. అరవైని పదిహేను వేలతో గుణిస్తే ₹9 లక్షలు వస్తుంది కాబట్టి లాభమే అనిపిస్తుంది. ఈ లెక్క మూడు చోట్ల తప్పుతుంది.

మొదటిది, సీఎఫ్‌పీ వచ్చింది కాబట్టి ఏఆర్‌ఎన్ ఉంచుకునే ఫీజు తీసుకోవచ్చని అనుకోవడం. కుదరదు. వ్యక్తిగా సలహాదారు అయితే పంపిణీ వదులుకోవాలి. కాబట్టి కొత్త ఆదాయం పాతదానికి తోడు కాదు, దాని స్థానంలో వస్తుంది. కంపెనీ పెట్టి రెండు విభాగాలు నడపొచ్చు. అప్పుడు కూడా ఒక క్లయింటు కుటుంబానికి సలహా, పంపిణీల్లో ఒక్కటే ఇవ్వాలి.

రెండోది, అందరూ వస్తారనుకోవడం. ఇప్పటిదాకా విడిగా ఏమీ చెల్లించని కుటుంబాలు ఒక్కసారిగా చెక్కు రాయడానికి సిద్ధపడవు. ముప్పై అయిదు కుటుంబాలు ఒప్పుకున్నాయనుకుందాం. ఆదాయం ₹5.25 లక్షలు. మిగతా పాతిక కుటుంబాలను డిస్ట్రిబ్యూటరుగా కొనసాగించే వీలు ఆయనకు లేదు. ఆడిట్, ఒప్పందాలు, రికార్డుల ఖర్చు తీసేస్తే పాత ఆదాయంతో పోల్చినప్పుడు మొదటి ఏడాది మిగిలేది కొంచెమే. ₹1 లక్ష డిపాజిట్ ఖర్చు కాకపోయినా చేతికి అందకుండా ఉంటుంది. ముప్పై కుటుంబాలకన్నా తక్కువ ఒప్పుకుంటే ఆదాయం పాత ₹4.5 లక్షలకన్నా కిందికి వెళుతుంది. అందుకే ఏఆర్‌ఎన్ వదిలే ముందు క్లయింట్లతో మాట్లాడి, ఎంతమంది ఫీజు ఇవ్వడానికి సిద్ధమో లెక్క తీసుకోవాలి. అప్పుడు అడగాల్సింది ఇష్టమేనా అని మాత్రమే. డబ్బు తీసుకోకూడదు.

మూడోది క్లయింటు వైపు లెక్క. సలహాదారు కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్లనే సూచిస్తారు. పాత రెగ్యులర్ ప్లాన్ నుంచి డైరెక్ట్‌కు మారడం పన్ను దృష్టిలో అమ్మి కొనడమే. ఒకరికి ఈక్విటీ ఫండ్లో ₹10 లక్షలు ఉన్నాయి, అందులో ₹4 లక్షలు దీర్ఘకాలిక లాభం అనుకోండి. ఏడాదికి ₹1.25 లక్షల వరకు పన్ను లేదు. మిగతా ₹2.75 లక్షల మీద 12.5 శాతం అంటే ₹34,375, దానిపై 4 శాతం సెస్ కలిపితే ₹35,750. డైరెక్ట్ ప్లాన్ ఖర్చు 0.8 శాతం తక్కువ అనుకుంటే ఏడాదికి మిగిలేది ₹8,000. ఒకేసారి మార్చిపారేస్తే క్లయింటు తన జేబులోంచి నాలుగేళ్లకు పైగా మిగులును ముందే కట్టినట్టు అవుతుంది. ఎప్పుడో ఒకప్పుడు అమ్మినా పన్ను కట్టాల్సిందే, కాబట్టి అది పూర్తిగా నష్టం కాదు. కానీ తొందరపడే అవసరం కూడా లేదు. లాభం నలభై శాతం ఉన్న ఈ నిల్వలో ఏటా దాదాపు ₹3 లక్షల చొప్పున మారిస్తే లాభం ₹1.25 లక్షల లోపే ఉంటుంది. ఆయనకు వేరే లాభాలు లేకపోతే పన్ను పడదు. మధ్యలో నిల్వ పెరిగితే ఏటా లెక్క మళ్లీ చూసుకోవాలి, ముందే అమ్మితే పడే ఎగ్జిట్ లోడ్ గడువు కూడా చూడాలి. కొత్తగా పెట్టే డబ్బును మాత్రం మొదటి రోజు నుంచే డైరెక్ట్‌లో పెట్టించవచ్చు.

ఫీజును ఆస్తి విలువలో శాతంగా తీసుకునేవారికి ఇక్కడ ఇంకో నియమం ఉంది. పాత పంపిణీ ఏర్పాటు కింద ఇంకా ఎవరికో కమీషన్ వెళుతున్న ఆస్తిని ఆ లెక్కలోంచి తీసేయాలి. ఒకే డబ్బు మీద క్లయింటు రెండుసార్లు చెల్లించకూడదన్నది దీని ఉద్దేశం. పరిమితులు కూడా ఉన్నాయి. శాతం పద్ధతిలో కుటుంబానికి ఏడాదికి 2.5 శాతం మించకూడదు, స్థిర ఫీజు పద్ధతిలో ₹1,51,000 మించకూడదు. 2025 ఏప్రిల్ నుంచి క్లయింటు ఒప్పుకుంటే ఏడాది ఫీజు వరకు ముందుగా తీసుకోవచ్చు.

ఏది ఎంచుకోవాలి

ఉద్యోగం వదలకుండా కొద్దిమందికి సలహా ఇవ్వాలనుకునేవారికి ఇంతకు ముందు సరైన దారి లేదు. ఇప్పుడు పార్ట్‌టైమ్ సలహాదారుగా నమోదు కావచ్చు. క్లయింట్లు 75 మందికి మించకూడదు, యజమాని నుంచి అభ్యంతరం లేదన్న పత్రం కావాలి, క్లయింటుతో నడిపే వ్యవహారాల్లో పార్ట్‌టైమ్ అన్న మాట కనిపించాలి. పరీక్షలు, ఒప్పందం, రికార్డుల బాధ్యతలో మాత్రం తగ్గింపు లేదు. ఒక కళాశాల అధ్యాపకుడు తోటి ఉద్యోగులకు డబ్బు తీసుకుని ప్లాన్లు వేయాలంటే ఇదే దారి. కోర్సు సర్టిఫికెట్ గోడకు తగిలించుకుని ఆ పని చేయకూడదు. యజమాని పత్రం రావడానికి నెలలు పట్టే సంస్థలున్నాయి కాబట్టి పరీక్షలకు చదువుతుండగానే అది అడగడం మంచిది.

అమ్మకం, సర్వీసు, కాగితాల పని నచ్చేవారికి, ఫీజు ఇచ్చే అలవాటు లేని కుటుంబాలతో పనిచేసేవారికి ఏఆర్‌ఎన్ గౌరవమైన దారి. తనకు కమీషన్ వస్తుందని మొదటి సమావేశంలోనే చెప్పే డిస్ట్రిబ్యూటరు క్లయింటుకు ఎంతో మేలు చేయగలరు. ఫీజు మాత్రమే తీసుకుని పనిచేయాలనుకునేవారికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. డబ్బు, సమయం రెండూ పరిమితంగా ఉంటే ఎన్‌ఐఎస్‌ఎం పరీక్షలు ముందు, సీఎఫ్‌పీ తర్వాత అన్నది మా సలహా. చట్టం అడిగేది మొదటివే కాబట్టి. అయితే ఆ రెండు పరీక్షల చదువుతోనే ఒక కుటుంబం వీలునామా, వ్యాపార అప్పు, దివ్యాంగుడైన బిడ్డ భవిష్యత్తు వంటి చిక్కులు విప్పగలమని అనుకోవడం కూడా పొరపాటే. సీఎఫ్‌పీ అక్కరకు వచ్చేది సరిగ్గా అలాంటి చోటే.

క్లయింట్లు యాభై మందే ఉన్నా ఆ సంఖ్య ఎలా పెరుగుతుందో ముందే అంచనా వేసుకోండి. వ్యక్తిగా నమోదైనవారు 300 మంది క్లయింట్లకు గానీ, ఏడాదిలో ₹3 కోట్ల ఫీజుకు గానీ చేరితే, ఏది ముందైతే అప్పుడు, సంస్థ రూపంలోకి మారాలి. డిపాజిట్ మొత్తం కూడా క్లయింట్ల సంఖ్యతో పాటే పెరుగుతుంది.

బీమా, పెన్షన్, బ్యాంకు డిపాజిట్ల వంటి సెబీ పరిధిలో లేని వాటి మీద కూడా నమోదైన సలహాదారు మాట్లాడవచ్చు. కానీ ఆ భాగానికి సెబీ దగ్గర ఫిర్యాదు చేసే వీలు ఉండదన్న సంగతి చెప్పి, క్లయింటు నుంచి ఒప్పుకోలు తీసుకోవాలి. పూర్తి ప్లాన్ ఇచ్చేవారు దీన్ని ఒప్పందంలోనే విడి పేరాగా పెట్టుకుంటే తర్వాత గొడవ రాదు.

సలహా తీసుకునేవారికి కూడా ఇదే తేడా పనికొస్తుంది. ఎదుటివారు చూపించిన సర్టిఫికెట్ ఎంత అందంగా ఉన్నా, INA నంబరు అడగండి. sebi.gov.in లోని నమోదైన మధ్యవర్తుల జాబితాలో ఆ నంబరును వెతికి, అక్కడున్న పేరు, చిరునామా మీ ఒప్పందంలోని వాటితో సరిపోల్చండి. నంబరు నిజమైనదే అయినా వేరేవాళ్లది వాడుకునేవారు ఉంటారు. అందుకే ఫీజు వెళ్లే బ్యాంకు ఖాతా పేరు కూడా అదేనా అని చూడాలి. ఏఆర్‌ఎన్ చూపించి సలహా ఫీజు అడిగితే, లేదా నంబరు ఇంకా రాలేదు, దరఖాస్తు పెట్టామని చెబితే, ఆ రోజు డబ్బు ఇవ్వకండి.